ఒకటిన్నర కప్పు మైదా అంటే ఎన్ని గ్రాములు?

ప్రశ్న: గాజువాక నుంచి రాస్తున్నానండి. అమెరికా వంటల సైట్‌లో చూసి వెనిలా బటర్ కేకు చేస్తున్నాను. ఒకటిన్నర కప్పు మైదా, కప్పు పంచదార, అర కప్పు బటర్, రెండు గుడ్లు, అర కప్పు పాలు, ఒకటిన్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్. అన్నీ కొలత కప్పులతోనే కొలుస్తాను, మైదా అయితే డబ్బాలోంచి కప్పుతోనే ముంచి తీస్తాను. ఓటీజీలో 175 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు పెడుతున్నాను. ప్రతిసారీ పైన పగులుతోంది, లోపల బిగుసుకుపోతోంది, మర్నాటికి పొడిపొడిగా రాలిపోతోంది. పొరపాటు ఎక్కడ జరుగుతోందో చెప్పగలరా?

సమాధానం:

నమస్కారమండి. మీరు రాసిన పాళ్లలో తప్పేమీ లేదు, ఓవెన్ వేడి కూడా సరిపోయినదే. దోషం దాదాపుగా ఆ కప్పును డబ్బాలో ముంచి తీసే పద్ధతిలోనే ఉంది. మీరు ఒకటిన్నర కప్పు అనుకుని వేస్తున్న మైదా, ఆ రెసిపీ రాసినవారి లెక్కలో ఒకటిన్నర కప్పు కంటే చాలా ఎక్కువ అయివుంటుంది.

అమెరికా రెసిపీల కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. ఆ కప్పులో మైదాను చెంచాతో వదులుగా పోసి, పైన అంచుకు సమంగా గీసేస్తే దాదాపు 120 నుంచి 125 గ్రాములు పడుతుంది. అదే కప్పును డబ్బాలో గుచ్చి, నిండుగా పైకి తీసి, అంచు గీసినా సరే, 140 నుంచి 150 గ్రాములు వస్తుంది. గుచ్చేటప్పుడు డబ్బా గోడకు ఆనించి నొక్కినా, నిండిన కప్పును గట్టు మీద తట్టి మరికొంత వేసినా 160 కూడా దాటవచ్చు. కప్పు అదే, మైదా అదే, మారినదల్లా అది కప్పులోకి చేరిన తీరు.

ఈ చిక్కు మైదాకే ఎందుకు వస్తుందంటే, అది చాలా సన్నని పొడి, దాని రేణువుల మధ్య బోలెడంత గాలి ఉంటుంది. వదులుగా పోసినప్పుడు ఆ గాలి అలాగే నిలిచి ఉంటుంది, చేతి ఒత్తిడి తగలగానే బయటికి పోయి ఆ చోట మరింత మైదా చేరుతుంది. పంచదార గింజలు గట్టివి, ఒకదాని మీద ఒకటి ఆనుకుని నిలబడతాయి గనుక ఎలా తీసినా కప్పుకు సుమారు 200 గ్రాములే వస్తుంది. పాలకైతే ఈ ప్రశ్నే లేదు. కాబట్టి మీరు అన్నీ ఒకే కప్పుతో కొలుస్తున్నా, మైదా ఒక్కటే మీకు తెలియకుండా పెరిగిపోతోంది, మిగిలినవన్నీ ఉన్నచోటే ఉంటున్నాయి. కేకు పాడవడానికి మూలం ఈ ఒంటరి పెరుగుదలే. మన ఇళ్లలో బియ్యం, పప్పులు కొలిచేటప్పుడు పాత్రను తట్టి కుదించడం అలవాటు. ఆ పద్ధతి ధాన్యానికి పెద్దగా నష్టం చేయదు, మైదాకు మాత్రం చేస్తుంది. పైగా పూర్ణా మార్కెట్‌లోనో వీధి చివరి కిరాణా కొట్లోనో బస్తా నుంచి విడిగా తెచ్చుకున్న మైదా అప్పటికే బస్తా బరువుకు అణిగి ఉంటుంది, దాన్ని స్టీలు డబ్బాలో పోసి మూత పట్టడానికి అరచేత్తో అదిమేవారు కూడా ఉన్నారు. అలాంటి డబ్బాలో కప్పు గుచ్చితే వచ్చేది పొడి కాదు, పెళ్ల.

ఇక మీ కేకునే తీసుకుని లెక్క వేసి చూద్దాం. చెంచాతో పోసిన మైదా అయితే ఒకటిన్నర కప్పుకు 188 గ్రాములు. ముంచి తీసినది కప్పుకు 150 గ్రాములు అనుకుంటే 225 గ్రాములు. తేడా 37 గ్రాములు, అంటే ఐదో వంతు అదనం. వినడానికి ఇది చిన్న మొత్తంగానే ఉంటుంది, దాదాపు పావు కప్పు కంటే కాస్త ఎక్కువ. కానీ దీనిని మిగిలిన వాటి పక్కన పెట్టి చూడండి. మీ పంచదార 200 గ్రాములు. 188 గ్రాముల మైదా పక్కన అది మైదా కంటే ఎక్కువ, 225 గ్రాముల పక్కన మైదా కంటే తక్కువ. అర కప్పు బటర్ 113 గ్రాములు, అది మైదాలో 60 శాతం ఉండవలసినది 50 శాతానికి పడిపోతుంది. తడి సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. అర కప్పు పాలలో, రెండు గుడ్లలో, బటర్‌లో ఉన్న నీరంతా కలిపితే 200 గ్రాములకు కాస్త తక్కువ. సరైన కొలతలో నీరు మైదా కంటే ఒక పిసరు ఎక్కువగా ఉంటుంది, ముంచి తీసిన కొలతలో మైదాలో తొమ్మిదో వంతుకు పైగా లోటు పడుతుంది. బేకింగ్ పౌడర్ కూడా 188 గ్రాములను పైకెత్తడానికి వేసినది, ఇప్పుడు అదే పౌడర్ 225 గ్రాములను ఎత్తవలసి వస్తుంది. చూశారా, మీరు చేసిన మార్పు ఒక్కటే, కానీ మైదాతో పోల్చినప్పుడు తీపి, కొవ్వు, తడి, పొంగు నాలుగూ ఒకేసారి తగ్గిపోయాయి.

ఇవి తగ్గినప్పుడు ఓవెన్‌లో ఏమి జరుగుతుందో తెలిస్తే మీరు చూసిన లక్షణాలన్నీ అర్థమవుతాయి. మైదాలో ముఖ్యంగా ఉండేవి రెండు, పిండిపదార్థమైన స్టార్చ్, తడి తగిలి కలిపినప్పుడు సాగే గ్లూటెన్‌గా మారే ప్రోటీన్. స్టార్చ్ వేడికి నీటిని పీల్చుకుని ఉబ్బి కేకుకు నిలబడే బలాన్నిస్తుంది. మైదా ఎక్కువైతే ఆ నీటి కోసం పోటీ పెరుగుతుంది, ఉన్న కొద్ది నీరు స్టార్చ్‌లోకి పోతుంది, తినేటప్పుడు నోటికి తెలిసే తేమ మిగలదు. అందుకే కేకు మాడకపోయినా పొడిగా అనిపిస్తుంది. బటర్, పంచదార చేసే ముఖ్యమైన పని గ్లూటెన్ బిగుసుకోకుండా అడ్డుపడటం, మైదా పెరిగేకొద్దీ ఆ అడ్డు బలహీనపడి కేకు మెత్తదనం కోల్పోతుంది. పంచదారకు ఇంకో గుణం కూడా ఉంది. అది స్టార్చ్ ఉబ్బి గట్టిపడే ఉష్ణోగ్రతను పెంచుతుంది, దాంతో కేకు గట్టిపడేలోపు పొంగడానికి వ్యవధి దొరుకుతుంది. పంచదార నిష్పత్తి తగ్గితే కేకు త్వరగా గట్టిపడుతుంది. పైగా చిక్కని పిండిలో గాలి బుడగలు పెద్దవి కావడానికి కష్టపడతాయి. టిన్ను అంచులూ పైభాగమూ ముందుగా గట్టిపడి, నడుమ భాగం ఇంకా పొంగుతూ ఉంటే, ఆ ఒత్తిడికి పైన గోపురంలా లేచి పగులు పడుతుంది. మీకు ప్రతిసారీ కనిపిస్తున్న పగులు చాలావరకు ఇదే.

అయితే పొడిబారడానికి, బిగుసుకుపోవడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి కాబట్టి, మైదాను తప్పు పట్టేముందు వాటిని వేరుచేసి చూడాలి. చల్లారిన కేకును సరిగ్గా నడుమకు కోసి చూడండి. అంచుల దగ్గర గట్టిగా, ముదురు రంగులో ఉండి, నడుమ భాగం మెత్తగా, తడిగా ఉంటే అది ఎక్కువసేపు బేక్ చేయడం వల్ల వచ్చిన పొడి. నడుమ భాగం కూడా అంచులాగే సన్నని, దగ్గరి రంధ్రాలతో బిగుతుగా ఉంటే మైదా ఎక్కువైందని గ్రహించాలి. నిలువుగా సొరంగాల్లాంటి పొడవాటి రంధ్రాలు ఉండి, కొరికితే సాగినట్టు ఉంటే మైదా వేశాక మరీ ఎక్కువగా కలిపారని అర్థం. కేకు పగలకుండానే పొంగక చదునుగా ఉండిపోతే బేకింగ్ పౌడర్‌ను అనుమానించండి. అర టీస్పూను పౌడర్‌ను వేడి నీళ్లలో వేస్తే వెంటనే బుసబుసమని పొంగాలి, పొంగకపోతే అది పనికిరాదు. వీటన్నిటికంటే ముందుగా దొరికే ఆనవాలు టిన్నులో పోసేముందే ఉంటుంది. గరిటెతో పిండిని ఎత్తి వంచి చూడండి. సరైన బటర్ కేకు పిండి మందంగా ఉన్నా, గరిటె నుంచి నెమ్మదిగా జారి, పడినచోట ఒకటి రెండు క్షణాల్లో మెల్లగా పరుచుకుంటుంది. మైదా ఎక్కువైన పిండి గరిటెను పట్టుకుని ఉండి, విదిలిస్తే ముద్దలా ఊడిపడి, పడిన ఆకారంలోనే నిలిచిపోతుంది. టిన్నులో చెంచాతో సర్దవలసి వస్తుంది కూడా. మీరు టిన్నులో పిండిని సర్దుతూ ఉండివుంటే, ముందుగా మైదానే అనుమానించండి.

ఇప్పుడు చెంచాతో కొలిచే పద్ధతి. ముందుగా డబ్బాలోని మైదాను ఫోర్కుతో గానీ పొడవాటి చెంచాతో గానీ అడుగునుంచి పైకి నాలుగైదుసార్లు తిరగేయండి, అణిగిన పొడి వదులవుతుంది. కొలత కప్పును ఒక పళ్లెంలో పెట్టండి, చేతిలో పట్టుకోవద్దు, ఎందుకంటే చేతిలో ఉంటే తెలియకుండానే కుదుపుతాం. చెంచాతో మైదా తీసుకుని, కప్పు అంచుకు కాస్త పైనుంచి వంచి మెల్లగా రాలనివ్వండి. చెంచా వీపుతో కప్పులోని మైదాను ఒత్తవద్దు. కప్పు నిండి పైన చిన్న కుప్ప అయ్యేదాకా పోసి, చాకు వీపును అంచు మీద నిటారుగా ఆనించి ఒక్కసారి గీసేయండి. మధ్యలో కప్పును తట్టడం, ఊపడం, ఇంకాస్త పడుతుందని అదమడం, ఈ మూడూ మానేయాలి. అర కప్పు కావాలంటే అర కప్పు పాత్రనే వాడండి, పెద్ద కప్పును సగం వరకు పోసి కంటితో అంచనా వేస్తే పైన గీయడానికి అంచు ఉండదు, ఆ సగాన్ని సమం చేయడానికి అందరూ చేసే పని కప్పును ఊపడమే.

మీ చేయి ఎంత బరువైనదో తెలుసుకోవడానికి కాటా లేకపోయినా ఒక మంచి ఉపాయం ఉంది. అర కిలో మైదా సీలు ప్యాకెట్ కొత్తది ఒకటి తీసుకోండి. దాన్ని ఖాళీ డబ్బాలో పోసి, మీరు రోజూ కొలిచే పద్ధతిలోనే కప్పుకొక కప్పు తీస్తూ, ప్యాకెట్ అంతా ఎన్ని కప్పులు వస్తుందో లెక్కపెట్టండి. తర్వాత మొత్తం మళ్లీ డబ్బాలో పోసి, తిరగేసి వదులుచేసి, చెంచా పద్ధతిలో కొలవండి. చెంచాతో నాలుగు కప్పులకు అటూ ఇటూగా వస్తుంది. ముంచి తీసినప్పుడు మూడు కప్పులు నిండి, నాలుగోది మూడో వంతు దగ్గర ఆగిపోతే మీ కప్పు 150 గ్రాములు తూగుతోందని అర్థం. 500ను మీకు వచ్చిన కప్పుల సంఖ్యతో భాగిస్తే మీ చేతి బరువు అంకెల్లోనే తెలిసిపోతుంది. నేను కేకు నేర్చుకోవడానికి వచ్చేవారితో మొదట ఈ పనే చేయిస్తాను, ఎందుకంటే ఒకే ప్యాకెట్ రెండు పద్ధతుల్లో అరకప్పుకు పైగా తేడా చూపించినప్పుడు నా మాటల కంటే అదే బాగా నచ్చజెబుతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. చెంచా పద్ధతే ఎప్పుడూ సరైనదని, ముంచి తీయడం ఎప్పుడూ తప్పని అనుకోవద్దు. రెసిపీ రాసినవారు ఏ పద్ధతిలో కొలిచారో మీరూ అదే పద్ధతిలో కొలవాలి. అమెరికాలో మైదా అమ్మే కింగ్ ఆర్థర్ బేకింగ్ వారు కప్పును 120 గ్రాములుగా లెక్కిస్తారు, అంటే వదులుగా పోసిన కొలత. వంటకాలను పరీక్షించి రెసిపీలు ప్రచురించే అమెరికాస్ టెస్ట్ కిచెన్ వారు ముంచి గీసే పద్ధతినే పాటిస్తారు, వారి కప్పు 5 ఔన్సులు, అంటే 142 గ్రాములు. వీరి రెసిపీని చెంచాతో కొలిస్తే మైదా తగ్గి, కేకు పొంగి నడుమ కుంగిపోవచ్చు. అందువల్ల రెసిపీలో కప్పు పక్కన గ్రాములు రాసి ఉన్నాయేమో ముందు చూడండి. ఉంటే వాటినే నమ్మండి. లేకపోతే, అదే రచయిత వేరే రెసిపీల్లో గ్రాములు ఇచ్చారేమో చూసి కప్పుల సంఖ్యతో భాగించండి. ఏ ఆధారమూ దొరకనప్పుడు కప్పుకు 125 గ్రాములతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. కాస్త తక్కువ పడిన మైదాను పిండి చూసి మరో చెంచాతో సరిదిద్దవచ్చు, ఎక్కువైన మైదాను వెనక్కి తీయలేము. మరో చిన్న మెలిక, జల్లించిన మైదా ఒక కప్పు అని ఉంటే జల్లించాక కొలవాలి, అది 110 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ఒక కప్పు మైదా, జల్లించినది అని తర్వాత రాస్తే ముందు కొలిచి ఆ తర్వాత జల్లించాలి.

మన విశాఖ గాలిలో తేమ గురించి చాలామంది అడుగుతుంటారు కాబట్టి అది కూడా చెబుతాను. వానాకాలంలో మూత సరిగా లేని డబ్బాలో మైదా కొంత తేమను పీల్చుకుంటుంది, కానీ దానివల్ల కప్పుకు పెరిగేది ఒకటి రెండు గ్రాములే, చేతివాటం తెచ్చే పాతిక గ్రాముల ముందు అది లెక్కలోకి రాదు. తేమ చేసే అసలు ఇబ్బంది వేరు. తేమ పట్టిన మైదా ఉండలు కడుతుంది, ఉండల మధ్య ఖాళీలు ఏర్పడతాయి, దాంతో ఒక కప్పుకూ మరో కప్పుకూ పొంతన ఉండదు. అలాంటి మైదాను కప్పుతో కొలవకుండా ముందు జల్లించి తూచుకోవడమే మేలు. పురుగు పడుతుందని ఫ్రిజ్‌లో పెట్టేవారు, మూత తీయకుండా డబ్బాను గది వేడికి రానివ్వాలి, లేకపోతే ఆ చల్లటి పొడి మీద గాలిలోని తేమ చేరుతుంది.

గోధుమపిండితో ఇదే కేకు చేయాలనుకుంటే చేతివాటం ఇంకా ఎక్కువ నష్టం చేస్తుంది. మన చక్కీ ఆటాలో మరపట్టేటప్పుడు దెబ్బతిన్న స్టార్చ్, పొట్టు రెండూ ఉండి, మైదా కంటే ఎక్కువ నీరు పీల్చుకుంటుంది. అందులో ఐదో వంతు అదనంగా పడితే ఆ కేకును పాలు పోసి కూడా బాగుచేయలేరు.

వీలైతే గ్రాములు చూపే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి. గిన్నె పెట్టి టేర్ బటన్ నొక్కి సున్నా చేసి, మైదాను ఎలా పోసినా 188 దగ్గర ఆపేస్తే, చెంచా, ముంచడం అన్న చర్చే ఉండదు. బేకింగ్ పౌడర్, ఉప్పు లాంటివి మాత్రం టీస్పూనుతోనే కొలవండి, ఇంటి కాటాలు నాలుగైదు గ్రాముల దగ్గర నమ్మకంగా చూపవు. కాటా వచ్చాక ఒకసారి మీ కొలత కప్పు నిండా నీళ్లు పోసి తూచండి. 240 గ్రాముల దగ్గర ఉండాలి. 250 వచ్చినా కంగారు అక్కర్లేదు, మైదా, పంచదార, పాలు అన్నీ అదే కప్పుతో కొలిస్తే పాళ్లు దాదాపుగా నిలుస్తాయి, గుడ్ల వంతు మాత్రం కాస్త తగ్గుతుంది. కానీ రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది, దాన్ని ఈ రెసిపీలకు వాడకండి.

ఒకవేళ మైదా వేసేశాక, పిండి గరిటెకు పట్టుకుంటోందని గమనిస్తే, గది వేడికి వచ్చిన పాలు ఒక్కో టేబుల్ స్పూను చొప్పున వేసి, కలిసేంతవరకే తిప్పండి. రెండు టేబుల్ స్పూన్ల దాకా ఇది పనిచేస్తుంది. దీంతో తడి లోటు కొంత తీరి కేకు అంత పొడిగా ఉండదు, అయితే బటర్, పంచదార, పొంగు లోటు అలాగే ఉంటాయి గనుక పూర్తి మెత్తదనం రాదు. మూడో చెంచా దాటితే కేకు అడుగున జిగురు పొరలా తయారుకావచ్చు, అక్కడ ఆపేయడమే మంచిది. అప్పటికే బేక్ అయిపోయిన కేకు అయితే, సమపాళ్లలో పంచదార, నీళ్లు మరిగించి చల్లార్చిన పాకాన్ని గోరువెచ్చటి కేకు మీద బ్రష్‌తో రాస్తే ఆ రోజుకు తినడానికి బాగుంటుంది.

మీరు వచ్చేసారి ఇంకేమీ మార్చకండి. పంచదార, బటర్, గుడ్లు, పాలు, ఓవెన్ వేడి అన్నీ ఇప్పటిలాగే ఉంచి, మైదా ఒక్కటి మాత్రం 188 గ్రాములు తూచి గానీ, పైన చెప్పినట్టు చెంచాతో ఒకటిన్నర కప్పు కొలిచి గానీ వేయండి. మైదా తగ్గాక బేక్ అయ్యే సమయం మారవచ్చు కాబట్టి 28వ నిమిషం నుంచే నడుమ పుల్ల గుచ్చి చూడటం మొదలుపెట్టండి, పుల్లకు తడి పిండి కాకుండా రెండు మూడు మెత్తటి పలుకులు అంటుకుంటే తీసేయవచ్చు. అలా చేసినా నడుమ భాగం బిగుతుగానే వస్తే, కోసిన ముక్క ఫోటో, బేకింగ్ పౌడర్ ఎప్పుడు తెరిచారో, మైదా వేశాక ఎంతసేపు, దేనితో కలిపారో రాయండి, తర్వాత వెతకవలసిన చోటు అదే.